పగిలిన గాజు స్క్రీన్‌షాట్‌లో పడదు

అర్ధరాత్రి దాటాక ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. చేతిలో అద్దం పగిలిన ఫోన్. ఎక్కడో హాస్టల్లో మేలుకుని ఉన్న మేనల్లుడు ఆయన స్క్రీన్ మీద ఏముందో ఊహించుకుంటూ మెసేజ్‌లలో దారి చెబుతుంటాడు. చిన్న కథకు ఇంత చాలు. కానీ ఈ కథ నిలబడాలంటే రాసేవాడికి మనుషులతో పాటు ఫోన్ కూడా తెలిసుండాలి.

గార్డుది శ్రీకాకుళం వైపు ఊరనీ, పని హైదరాబాద్‌లో అనీ అనుకుందాం. రెండు గంటలకు సెల్ఫీ తీసి హాజరు పంపకపోతే ఏజెన్సీ ఆ రాత్రి జీతంలో కోత వేస్తుంది. ఫొటో తీశాడు. కింద కుడి మూల ‘పంపు’ బటన్ కనబడుతూనే ఉంది, ఎంత నొక్కినా పని చేయదు. ఇందులో వింతేమీ లేదు. ఫోన్‌లో బొమ్మ చూపే పొర వేరు, వేలి స్పర్శను పట్టే పొర వేరు. కిందపడ్డప్పుడు చాలాసార్లు బొమ్మ చెక్కుచెదరదు, పగులు వెంబడి ఒక పట్టీలో మాత్రం స్పర్శ చచ్చిపోతుంది. కళ్లెదుట ఉన్న బటన్ వేలికి అందదు.

కథ ఎవరి పక్కన కూర్చుని చెప్పాలన్నది అసలు ప్రశ్న. నేనైతే గార్డు కుర్చీ పక్కనే ఉంటాను. మేనల్లుడి గదిలోకి పాఠకుణ్ని తీసుకెళ్లను. మేనల్లుడు మెసేజ్‌లలోనే వినబడాలి. అప్పుడు అతను తప్పుగా ఊహిస్తున్న ప్రతిసారీ పాఠకుడికి ముందే తెలిసిపోతుంది, చెప్పడానికి మాత్రం వీలుండదు. చెహోవ్ 1886లో రాసిన ‘వాంకా’ కథ బలం ఇలాంటిదే. పిల్లవాడు తాతకు ఉత్తరం రాసి, ఊరి పేరు లేని చిరునామాతో డబ్బాలో వేస్తాడు. అది చేరదని మనకు తెలుసు, వాడికి తెలియదు.

ఇక జవాబులు చదివే తీరు. గార్డు ఫోన్ పట్టుకుని కూర్చోలేడు. కారు వస్తే గేటు తీయాలి, ట్యాంకు నిండితే మోటారు కట్టాలి. తిరిగొచ్చేసరికి మూడు మెసేజ్‌లు వరసగా ఉంటాయి.

“మావయ్యా, లొకేషన్ ఆన్‌లో ఉందా?”

“నెట్ స్లోగా ఉందేమో, ఒకసారి ఆపి వెయ్యి.”

“ఏమైంది, పంపేశావా?”

మొదటిదానికి జవాబు రాసేలోపు మూడోది దాన్ని కొట్టిపారేసింది. పైగా పగులు కింద సగం అక్షరాలు మూసుకుపోయుంటాయి, ఫోన్ వంచి లైటు వాలుగా పడేలా చూస్తే తప్ప కనబడవు. ఈ ఒక్క పని దగ్గర కథ కాసేపు ఆగాలి. ఆయన పేదరికం గురించి విడిగా ఒక పేరా రాయనక్కర్లేదు.

తర్వాత వస్తుంది కథకు కీలకమైన చోటు. “స్క్రీన్‌షాట్ పెట్టు మావయ్యా” అంటాడు మేనల్లుడు. పవర్ బటన్, సౌండ్ తగ్గించే బటన్ కలిపి నొక్కి గార్డు పంపుతాడు. అవతల చేరేది మచ్చలేని బొమ్మ! స్క్రీన్‌షాట్ అంటే ఫోన్ తాను గీసిన బొమ్మను దాచుకోవడమే. గాజు మీది పగులు అందులోకి రాదు. “బటన్ కనబడతానే ఉంది కదా, నొక్కు” అని జవాబు వస్తుంది. సాక్ష్యం చేతికొచ్చాకే మేనల్లుడి ఊహ మరీ దారి తప్పింది. మావయ్యకు ఫోన్ వాడటం రాదన్న అనుమానం ఇప్పుడతనికి నిశ్చయమైపోయింది. ఆ మాట అతను పైకి అనకూడదు. తర్వాతి మెసేజ్‌లలో వాక్యాలు పొట్టివైపోతే చాలు.

విడిపించడానికి మార్గాలున్నాయి. మెనూలోని ఒక ఐకాన్‌ను వేలితో పట్టి స్క్రీనంతా మెల్లగా లాగితే, స్పర్శ లేని చోట అది జారిపోతుంది. పట్టీ ఎక్కడుందో అలా తెలుస్తుంది. ఫోన్ అడ్డంగా తిప్పితే బటన్ మంచి చోటికి జరగొచ్చు. కానీ చాలా యాప్‌లు నిలువుగానే ఉంటాయి, తిప్పినా తిరగవు. చిన్న కనెక్టర్‌తో కంప్యూటర్ మౌస్ తగిలిస్తే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో బాణం గుర్తు వస్తుంది, దానితో ఏ మూలనైనా నొక్కొచ్చు. అపార్ట్‌మెంట్ ఆఫీసు గదిలో మౌస్ ఉంటుంది. తాళం గార్డు దగ్గరే ఉంటుంది. కనెక్టర్ మాత్రం ఉండదు. అలాగని అదృష్టవశాత్తూ దొరికినట్టు రాస్తే కథ చెడుతుంది.

అందుకే మలుపు పరికరం వల్ల కాక, అడగడం వల్ల రావాలి. మేనల్లుడు సూచనలు మానేసి, “నీ వేలు ఎక్కడెక్కడ పని సేత్తంది మావయ్యా?” అని రాస్తాడు. మొదటిసారి అతను తన ఊహను పక్కనబెట్టాడు. గార్డు ఐకాన్ లాగి చూసి, “కింద కుడేపు రెండేళ్ల మందం సచ్చిపోనాది” అని జవాబిస్తాడు. సమయం రెండు దాటిందా లేదా అన్నది నేనైతే ఆ మెసేజ్ పక్కన పడే టైముతోనే చెబుతాను: 2.07.