శనివారం ప్లాన్ గురువారమే చెప్పగలవా?

హైదరాబాద్‌లో ఇద్దరు ఉద్యోగులు. యాప్‌లో పరిచయమై నాలుగైదుసార్లు కలిశారు. అతను ప్రతిసారీ శనివారం మధ్యాహ్నం మెసేజ్ పెడతాడు: "సాయంత్రం ఖాళీయేనా?" ఆ పిలుపు వస్తుందేమోనని ఆమె ఇంకే పనీ పెట్టుకోదు. విసుగు ముదిరాక "నీకెప్పుడూ ఆఖరి నిమిషంలోనే గుర్తొస్తానా?" అంటుంది. ఇక అతను సంజాయిషీలో పడతాడు. ముందుగా తెలియాలన్న అసలు సంగతి పక్కకి పోతుంది.

అదే మాట ఇలా అనొచ్చు: "నీతో గడపడం బాగుంటోంది. వారాంతం సంగతి ముందే తెలిస్తే నాకు వీలుగా ఉంటుంది. గురువారంలోగా చెప్పగలవా?" ఇందులో "ఎప్పుడూ" లేదు, నింద లేదు. అతను చేయగలిగిన పని ఒక్కటే ఉంది. "సారీ, ఏమనుకోకు" అంటూ ముందే తగ్గిపోవడమూ అక్కర్లేదు. చాట్‌లో గొంతు వినపడదు కాబట్టి, కలిసినప్పుడే అడగడం నయం.

అడిగింది కోరికా, హుకుమా అన్నది అవతలివారు కాదన్నప్పుడే తేలుతుందని అమెరికన్ మనస్తత్వవేత్త మార్షల్ రోజెన్‌బర్గ్ చెప్పేవారు. "నా షిఫ్టులు శుక్రవారం దాకా తెలియవు" అని అతనంటే, అలగకుండా "అయితే శుక్రవారం రాత్రి చెప్పు" అనొచ్చు. సరేనన్నాక కూడా శనివారం మధ్యాహ్నమే మెసేజ్ వస్తే ఒకసారి గుర్తుచేయాలి. ఆపైనా అంతే అయితే లోపం ఆమె అడిగిన తీరులో లేదు. ఆ సాయంత్రాలకు వేరే పని పెట్టుకోవచ్చు.