ఒంటిచేతి పనికి ఎన్ని యాప్‌లు?

ఫ్రీలాన్సింగ్ మొదలుపెట్టిన కొత్తలో చాలామంది చేసే మొదటి పని క్లయింట్‌ను వెతుక్కోవడం. రెండోది, పనులన్నీ ఒక పద్ధతిలో పెట్టుకుందామని నాలుగైదు యాప్‌లు దించుకోవడం. జిరా, ఆసానా, క్లిక్‌అప్ లాంటివి తెరిస్తే మొదటి స్క్రీన్‌లోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఈ పని ఎవరికి అప్పగిస్తున్నారు? ఇంట్లో కూర్చుని ఒక్కరే పనిచేసేవాళ్లకు ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఒక్కటే. పది మంది ఒకరి పని ఒకరికి తెలియక తికమకపడకుండా ఉండటానికి తయారైన సాధనాలవి. ఎవరికి ఏ అనుమతి, ఎవరి పని ముగిస్తే ఎవరిది మొదలవుతుంది, ఎవరి మీద ఎంత భారం ఉంది అన్నవే వాటి బలం. ఒక్కరికి అవేవీ అక్కర్లేదు. అయినా వాటిని నింపే శ్రమ మాత్రం తప్పదు.

ఒక్కరికి కావలసినవి రెండే. ఏ క్లయింట్ పనికి ఎన్ని గంటలు పోతున్నాయో చెప్పే లెక్క ఒకటి, ఏ పని ఎవరి దగ్గర ఆగి ఉందో చూపించే పట్టిక ఒకటి. ఈ రెండింటిలో ముందు కావాల్సింది గంటల లెక్కే అంటాను. పనుల జాబితా ఒక నోటుబుక్కులోనైనా నడుస్తుంది. గంటలు మాత్రం రాసుకోకపోతే ఎవరికీ గుర్తుండవు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఉండే ఒక వెబ్ డిజైనర్‌కు గుంటూరు చీరల షాపు వెబ్‌సైట్ పని వచ్చిందనుకోండి. నలభై గంటల పని అనుకుని, గంటకు 800 చొప్పున 32,000 రూపాయలకు ఆమె ఒప్పుకుంది. పని అయిపోయింది, డబ్బు కూడా వచ్చింది. కానీ నెలంతా దానికే పోయినట్టు ఉంది, చేతిలో మిగిలింది తక్కువగా ఉంది. లెక్క రాసుకోకపోయుంటే ఆమె అనుకునేది ఒక్కటే: నాకు చెయ్యి ఇంకా తిరగలేదు, నెమ్మదిగా చేస్తున్నాను.

రాసుకుంది కాబట్టి విషయం తేలింది. డిజైన్‌కు 13 గంటలు, సైట్ కట్టడానికి 21, కరెక్షన్లకు 16, ఫోన్లకు, వాట్సాప్‌కు 9, షాపువాళ్లు పంపిన ఫొటోలు సరిచేయడానికి 5 పోయాయి. మొత్తం 64 గంటలు. 32,000ను 64తో భాగిస్తే గంటకు 500 పడింది. అసలు పనితనానికి సంబంధించిన డిజైన్, కట్టడం కలిపితే 34 గంటలే. అక్కడ ఆమె అంచనా తప్పలేదు. మిగతావాటికి ఆరు గంటలు చాలనుకుంది, ముప్పై పట్టాయి. చీరల రంగులు ఫొటోలో ఒకలా, షాపులో ఒకలా ఉన్నాయని యజమాని పంపిన వాయిస్ మెసేజీలు కూడా అందులోనే ఉన్నాయి. చెయ్యి తిరగకపోవడం కాదు, ఒప్పందంలో కరెక్షన్లకు హద్దు పెట్టకపోవడమే నష్టానికి కారణం.

ఇక తర్వాతి షాపు వస్తే కొటేషన్ మారుతుంది. అసలు పని 34 గంటలు, రెండు విడతల కరెక్షన్లకు 8, మాటలకు 6, మొత్తం 48 గంటలు. 800 చొప్పున 38,400. మూడో విడత కరెక్షన్ కావాలంటే గంటల లెక్కన వేరే బిల్లు, ఫొటోలు సరిచేయాలన్నా వేరే బిల్లు. ఆ 38,400 ఎక్కడి నుంచి వచ్చిందో క్లయింట్ అడిగితే, చెప్పడానికి ఆమె దగ్గర జవాబుంది.

ఇదంతా పని చేయడానికి లెక్కను క్లయింట్ పేరుతో రాస్తే చాలదు, పని రకం కూడా రాయాలి. అలాగని ఇరవై రకాలు పెట్టుకోకూడదు. ‘లోగో’, ‘బ్యానర్’, ‘మెనూ’, ‘ఫుటర్’ అని విడగొడితే ప్రతిసారీ ఏది నొక్కాలా అని ఆలోచించాలి, మూడో రోజుకు విసుగొచ్చి మానేస్తారు. నాలుగైదు చాలు. వాటిలో కరెక్షన్లు, మాటలు అన్న రెండూ తప్పకుండా ఉండాలి. డబ్బు కారిపోయేది ఎక్కువగా అక్కడే.

మరి ఈ లెక్క ఎక్కడ రాయాలి? కంప్యూటర్ ముందే కూర్చుని పనిచేసేవాళ్లకు గూగుల్ షీట్ ఒక్కటి సరిపోతుంది. తేదీ, క్లయింట్, పని రకం, మొదలు, ముగింపు, గంటలు అని A నుంచి F దాకా ఆరు కాలమ్‌లు. విండోస్ కంప్యూటర్‌లో Ctrl+; నొక్కితే ఈరోజు తేదీ, Ctrl+Shift+; నొక్కితే అప్పటి టైమ్ వాటంతట అవే పడతాయి. F2లో ఇది రాసి కిందికి లాగండి:

```
=IF(E2="","",MOD(E2-D2,1)*24)
```

ఇందులో MOD ఎందుకంటే రాత్రి పదకొండుకు మొదలుపెట్టి ఒంటిగంటకు ముగించినవాళ్లకు మామూలు తీసివేత మైనస్ చూపిస్తుంది. 24తో గుణించడానికి ఇంకో కారణం ఉంది, దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. షీట్ టైమ్‌ను గంటల్లో కాదు, రోజులో భాగంగా దాచుకుంటుంది. గంటన్నరను మీరు 1:30 అని చూస్తారు, షీట్ లోపల మాత్రం అది రోజులో పదహారో వంతు. దాన్ని నేరుగా 800తో గుణిస్తే 1,200 రావాల్సిన చోట 50 వస్తుంది. 50 అయితే ఎవరికైనా అనుమానం వస్తుంది కాబట్టి పరవాలేదు. అసలు ప్రమాదం చేత్తో బిల్లు రాసేటప్పుడు 1:30ను 1.30గా వేసేసుకోవడం. అప్పుడు 1,040 వస్తుంది. నిజమైన మొత్తానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, 160 రూపాయలు ఊరికే పోతాయి. F కాలమ్‌కు ఫార్మాట్ మెనూలో నంబర్ అని పెట్టుకుంటే గంటన్నర 1.50గానే కనిపిస్తుంది. ఒక్కో క్లయింట్ మొత్తం కావాలంటే ఇది చాలు:

```
=SUMIF(B:B,"గుంటూరు షాపు",F:F)
```

షీట్‌కు ఉన్న లోటు ఫోన్. ఆ షార్ట్‌కట్‌లు ఫోన్‌లో ఉండవు, చిన్న గళ్లలో టైమ్ కొట్టడం చిరాకు. బయట తిరిగే ఫొటోగ్రాఫర్లకు, రోజుకు ఐదారు క్లయింట్ల మధ్య మారేవాళ్లకు టాగుల్ ట్రాక్ లేదా క్లాకిఫై మేలు. రెండింటికీ ఉచిత ప్లాన్ ఉంది, రెండూ ఫోన్‌లో, బ్రౌజర్‌లో నడుస్తాయి. క్లయింట్, దాని కింద ప్రాజెక్ట్, దాని కింద మీరు కొట్టిన నాలుగు మాటలు, పక్కన ఒక మీట. ఒక్కరికి ఈ రెండింటి మధ్య తేడా పెద్దగా లేదు. మీ ఫోన్‌లో ఏది తక్కువ నొక్కులతో మొదలవుతుందో అది తీసుకోండి.

ఏ టైమర్‌తోనైనా వచ్చే తంటా ఒక్కటే, మర్చిపోవడం. రాత్రి తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి ఆపకుండా పడుకుంటే పొద్దున్నకు పది గంటల పని చేసినట్టు చూపిస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక, పొడుగ్గా ఉన్న పద్దులు చూస్తే చాలు. పట్టుకోవడం కష్టమైంది మొదలుపెట్టడం మర్చిపోయి సాయంత్రం గుర్తుచేసుకుని రాసిన లెక్క. దానికీ ఒక గుర్తు ఉంది. పద్దులన్నీ సరిగ్గా గంట, గంటన్నర, రెండు గంటలు అని గుండ్రంగా ఉంటే అది లెక్క కాదు, అంచనా. నిజంగా మీట నొక్కిన లెక్కలో 47 నిమిషాలు, 1 గంట 12 నిమిషాలు ఇలా ఉంటుంది. ఆ అంచనాల్లో ముందుగా ఎగిరిపోయేవి చిన్న ఫోన్ కాల్సే.

టాగుల్ డెస్క్‌టాప్ యాప్‌లో కాసేపు కీబోర్డు, మౌస్ కదలకపోతే ‘ఈ సమయం తీసేయనా’ అని అడిగే సదుపాయం ఉంది. మంచిదే. కానీ మీరు క్లయింట్‌తో అరగంట ఫోన్‌లో ఉన్నా దానికి ఖాళీగా కూర్చున్నట్టే లెక్క. అలవాటుగా ‘తీసేయ్’ నొక్కకండి.

అప్‌వర్క్‌లో గంటల ఒప్పందం మీద పనిచేసేవాళ్లకు ఈ ఎంపిక కొంతవరకు లేదు. వాళ్ల సొంత టైమర్ పది నిమిషాల ముక్కలుగా లెక్కవేస్తూ స్క్రీన్‌షాట్‌లు తీస్తుంది, కీబోర్డు, మౌస్ కదలికలు లెక్కిస్తుంది. డబ్బు రాకపోతే వాళ్లిచ్చే రక్షణ ఆ టైమర్‌తో నమోదైన గంటలకే, చేత్తో రాసిన గంటలకు కాదు. పైగా వాళ్ల వారం యూటీసీ ప్రకారం ముగుస్తుంది, అంటే మనకు సోమవారం తెల్లవారుజాము ఐదున్నరకు. ఆదివారం రాత్రంతా కూర్చుని చేసిన పని ఏ వారం బిల్లులో పడిందో చూసుకోవాలి.

ఇక పనుల పట్టిక. చేతిలో ఒకటి రెండు పనులే ఉంటే దీని అవసరం లేదు, కాగితం చాలు. ఐదారు పనులు ఒకేసారి నడుస్తుంటే ట్రెల్లో లాంటి బోర్డు నిజంగా ఉపయోగం. టయోటా కర్మాగారాల్లో పుట్టిన కాన్‌బాన్ పద్ధతే దీనికి మూలం. నిలువు వరుసలు, వాటిలో ఒక వరుస నుంచి ఇంకో వరుసకు జరిగే కార్డులు. మామూలుగా పెట్టుకునే ‘చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి’ అన్న మూడు వరుసలు ఫ్రీలాన్సర్‌కు సరిపోవు. మన పని సగం రోజులు మన చేతిలో ఉండదు. డిజైన్ పంపాక జవాబు కోసం చూస్తూ ఉంటాం, బిల్లు పంపాక డబ్బు కోసం చూస్తూ ఉంటాం. అందుకని ‘క్లయింట్ దగ్గర ఉన్నవి’, ‘డబ్బు రావాల్సినవి’ అని రెండు వరుసలు కలపండి. ఈ రెండు వరుసల్లో ప్రతి కార్డుకూ ఒక తేదీ పెట్టండి. అది పని గడువు కాదు, మీరు మళ్లీ ఫోన్ చేయాల్సిన రోజు. డబ్బు అందేదాకా కార్డును ‘అయిపోయినవి’లోకి జరపకండి.

బోర్డు మీకు సరిపడలేదని తెలిసేది ఇలా: కార్డులకు రంగులు మార్చడం, వరుసలు పేర్చడం ఎక్కువై, క్లయింట్‌కు చేయాల్సిన ఫోన్ మాత్రం ఆగిపోతుంటే దాన్ని మూసేసి కాగితానికి వెళ్లిపోండి. నామోషీ ఏమీ లేదు.

ఏ యాప్‌కైనా డబ్బు కట్టే ముందు ఒక పని చేయండి. ఉచిత ప్లాన్‌లో వారం రోజుల పద్దులు వేసి, వాటిని సీఎస్‌వీ ఫైల్‌గా దించుకుని షీట్‌లో తెరవండి. క్లయింట్, పని రకం, తేదీ, గంటలు వేర్వేరు కాలమ్‌లలో సరిగ్గా వస్తే అది తీసుకోండి. రాకపోతే, రేపు ఆ కంపెనీ ధర పెంచినప్పుడో, ఉచిత ప్లాన్ ఎత్తేసినప్పుడో మీ పాత లెక్కలు బయటికి రావు. అలాంటి దానికి ఎంత మంచి రంగుల గ్రాఫులున్నా డబ్బు కట్టకండి.