కొలతలకు దొరకని చేతివాటం

రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకున్నప్పుడు ఒక రూపంలో, వదిలేసినప్పుడు మరో రూపంలో ఉంటుంది. దానిలోని నాలుగు గొలుసులు రెండు జంటలుగా అమరి ఉంటాయి. రూపం మారేటప్పుడు ఒక జంటను బట్టి చూస్తే రెండో జంట సుమారు 15 డిగ్రీలు తిరుగుతుంది. ఈ తిరుగుడును నేరుగా చూసినవారు లేరు. ఎక్స్-రే ప్రయోగాలు చేసినవారికి చివరికి దక్కేది పరమాణువుల స్థానాల పట్టిక. ఒక్కో పరమాణువుకు మూడేసి సంఖ్యలు, అంతే. రెండు రూపాలకు రెండు పట్టికలు. అవి వేర్వేరు స్ఫటికాల నుంచి వచ్చినవి కాబట్టి వాటి అక్షాలు కూడా వేరు. ముందుగా మొదటి జంటను మొదటి జంటపై సరిగ్గా కూర్చోబెడితేనే రెండో జంట ఎంత తిరిగిందో బయటపడుతుంది.

ఆ కూర్చోబెట్టే పనిని చేసేది ఆర్థోగోనల్ మాత్రిక. అది సదిశ పొడవును మార్చదు, రెండు సదిశల మధ్య కోణాన్ని మార్చదు. ఎంత పెద్ద అణువునైనా సాగదీయకుండా, నలపకుండా ఉన్నదున్నట్టు తిప్పుతుంది. అయితే అది చేయగల పని ఇంకొకటి ఉంది: అద్దంలో చూపించినట్టు అణువును తారుమారు చేయడం. అప్పుడు కూడా కొలతలన్నీ చెక్కుచెదరవు. ఈ రెండు పనుల్లో ఏది జరిగిందో చెప్పే గుర్తు మాత్రికలో ఒకే ఒక్క చోట, దాని నిర్ధారకం ముందున్న ప్లస్ లేదా మైనస్‌లో ఉంటుంది.

చిన్న లెక్కతో చూడవచ్చు. కాగితం మీద (3, 4) అనే సదిశను తీసుకుంటే దాని పొడవు 5. దానికి ఈ రెండు మాత్రికలను వర్తింపజేద్దాం.

```
T = |  3/5  -4/5 |      P = |  3/5   4/5 |
    |  4/5   3/5 |          |  4/5  -3/5 |
```

T తో గుణిస్తే (−7/5, 24/5) వస్తుంది. రెంటి వర్గాలనూ కూడితే 49/25 + 576/25, అంటే 25. పొడవు మళ్లీ 5. సదిశ అపసవ్య దిశలో దాదాపు 53 డిగ్రీలు తిరిగింది. P తో గుణిస్తే (5, 0) వస్తుంది. పొడవు ఇక్కడా 5 దగ్గరే ఉంది. కానీ ఈసారి జరిగింది భ్రమణం కాదు, ప్రతిబింబం. (2, 1) దిశలో పోయే గీత మీద అద్దం నిలబెడితే (3, 4) కు ప్రతిబింబం సరిగ్గా (5, 0) వద్ద పడుతుంది. రెండు మాత్రికల్లోనూ ఉన్నవి అవే సంఖ్యలు, మారినవి గుర్తులే. T నిర్ధారకం 9/25 + 16/25 = 1. P నిర్ధారకం −9/25 − 16/25 = −1.

ఇది ఈ సంఖ్యల అదృష్టం కాదు. మాత్రికలోని నిలువు వరుసలు నిజానికి అక్షాల గమ్యస్థానాలు. మొదటి నిలువు వరుస (1, 0) ఎక్కడికి చేరిందో, రెండోది (0, 1) ఎక్కడికి చేరిందో చెబుతాయి. పొడవు మారకూడదు కాబట్టి ఒక్కో నిలువు వరుస పొడవు 1 అయి తీరాలి. (1, 1) పొడవు వర్గం 2. అది చేరేది రెండు నిలువు వరుసల మొత్తం దగ్గరికి. ఆ మొత్తం పొడవు వర్గం కూడా 2 కావాలంటే ఆ రెండు వరుసలు ఒకదానికొకటి లంబంగా ఉండక తప్పదు. దీన్నే సూత్రంగా QᵀQ = I అని రాస్తారు. Qᵀ అంటే Q లోని అడ్డు వరుసలను నిలువు వరుసలుగా మార్చి రాసినది. I అంటే దేనినీ కదపని మాత్రిక.

నిర్ధారకం చెప్పేది వైశాల్యం ఎన్ని రెట్లయిందన్నది. మూడు దిశల్లో అయితే ఘనపరిమాణం. ఒక మాత్రిక వైశాల్యాన్ని 2 రెట్లు, తరువాతిది 3 రెట్లు చేస్తే రెండూ కలిసి 6 రెట్లు చేస్తాయి. అందుకే మాత్రికల లబ్ధానికి నిర్ధారకం, వాటి నిర్ధారకాల లబ్ధమే. అడ్డు, నిలువు వరుసలను తారుమారు చేసినా నిర్ధారకం మారదు, కాబట్టి Qᵀ కూ Q కూ ఒకే నిర్ధారకం. I నిర్ధారకం 1. ఇక QᵀQ = I నుంచి నిర్ధారకం వర్గం 1 అని తేలిపోతుంది. వర్గం 1 అయ్యే వాస్తవ సంఖ్యలు రెండే: +1, −1.

ఈ మాటను తలకిందులు చేసి వాడకూడదు. నిర్ధారకం 1 అయినంత మాత్రాన మాత్రిక ఆర్థోగోనల్ అయిపోదు. మొదటి అడ్డు వరుస (1, 1), రెండోది (0, 1) ఉన్న మాత్రికకు నిర్ధారకం 1. అయినా అది చతురస్రాన్ని పక్కకు వాల్చేస్తుంది. (0, 1) ను (1, 1) దగ్గరికి చేర్చి పొడవును 1 నుంచి దాదాపు 1.414 కు పెంచుతుంది. వైశాల్యం నిలిచింది, ఆకారం పోయింది. అందుకే అనుభవమున్నవారు ముందు QᵀQ గుణించి I వస్తుందో లేదో చూస్తారు, నిర్ధారకం గుర్తు సంగతి తరువాత.

కంప్యూటర్‌లో ఈ పరీక్ష మరీ అవసరం. 45 డిగ్రీలు తిప్పే మాత్రికలో రావలసిన సంఖ్య 0.70710678 అంటూ అంతులేకుండా సాగుతుంది. దాన్ని 0.707 అని కుదించి రాస్తే నిర్ధారకం 0.999698 అవుతుంది. ఒకసారి తిప్పితే తేడా కంటికి ఆనదు. వెయ్యిసార్లు తిప్పితే సదిశ సరిగ్గా 125 చుట్లు తిరిగి తన పాత దిశకే వస్తుంది, కానీ 5 ఉండాల్సిన పొడవు సుమారు 4.3 కు కుంచించుకుపోతుంది. ప్రోగ్రాములు ఎన్నో ఎక్కువ దశాంశాలు ఉంచుకుంటాయి కాబట్టి ఈ అరుగుదల చాలా నెమ్మదిగా సాగుతుంది. అయినా దీర్ఘమైన గణనల్లో మధ్యమధ్య నిలువు వరుసలను మళ్లీ లంబంగా, పొడవు 1 గా సరిదిద్దుతుంటారు.

ఇక గుర్తు విషయం. కుడికాలి చెప్పును ఎన్ని విధాల తిప్పినా ఎడమకాలి చెప్పు కాదు, రెండింటి కొలతలు మాత్రం ఒకటే. తిప్పడమంటే సున్నా డిగ్రీల నుంచి మొదలై కొంచెం కొంచెంగా జరిగేది. మొదట్లో మాత్రిక I, దాని నిర్ధారకం 1. నిర్ధారకం దారి పొడవునా నెమ్మదిగానే మారగలదు, కానీ దానికి అనుమతి ఉన్న విలువలు +1, −1 మాత్రమే. మధ్యలో కాలు పెట్టడానికి చోటు లేదు కాబట్టి అది చివరిదాకా +1 దగ్గరే ఉండిపోతుంది. అద్దం అవతలికి భ్రమణంతో దారి లేదు.

జీవకణాల్లోని ప్రోటీన్లకు ఇది ప్రాణసమానమైన తేడా. వాటిని కూర్చే అమైనో ఆమ్లాల్లో గ్లైసిన్‌ను మినహాయిస్తే మిగిలినవన్నీ ఒకే చేతివాటం గలవి. వాటితో ఏర్పడే ఆల్ఫా హెలిక్స్ అనే మెలిక సాధారణంగా కుడివైపు మర పోసుకుని ఉంటుంది. అద్దంలోని ప్రోటీన్ కాగితం మీద నిర్దోషంగా కనిపించినా అది మరో పదార్థం.

పరమాణువుల రెండు పట్టికలను అతి తక్కువ తేడాతో ఒకదానిపై ఒకటి కూర్చోబెట్టే భ్రమణాన్ని నేరుగా లెక్కగట్టే పద్ధతిని వోల్ఫ్‌గాంగ్ కాబ్ష్ 1976లో ప్రకటించారు. ఇప్పుడు దాన్ని ఎక్కువగా ఇలా చేస్తారు. రెండు పట్టికల కేంద్రబిందువులను ఒకచోటికి చేర్చి, సాటి పరమాణువుల స్థానాలను గుణించి కూడి H అనే 3×3 మాత్రికను తయారుచేస్తారు. సింగ్యులర్ వాల్యూ డీకంపోజిషన్ అనే గణనతో H ను రెండు ఆర్థోగోనల్ మాత్రికలుగా, రుణాత్మకం కాని మూడు సంఖ్యలుగా విడదీస్తారు. ఆ రెండు మాత్రికల నుంచే జవాబు పుడుతుంది. చిక్కంతా ఇక్కడే: రెండింటి నిర్ధారకాలు విడివిడిగా +1 గానీ −1 గానీ కావచ్చు, వాటిని కలిపితే −1 రావచ్చు. అప్పుడు యంత్రం చేతికిచ్చేది భ్రమణం కాదు, అద్దం.

ఒక కల్పిత అణువుతో అది ఎలా జరుగుతుందో చూడవచ్చు. మధ్య పరమాణువును మూలబిందువు వద్ద బిగించేద్దాం. దాని చుట్టూ మూడు: (1, 0, 0), (0, 2, 0), (0, 0, 3). రెండో పట్టికలో మొదటి రెండూ అలాగే ఉన్నాయి, మూడోది మాత్రం (0, 0, −3). H లో కర్ణం మీద 1, 4, −9 వస్తాయి. విడదీస్తే వచ్చే మూడు సంఖ్యలు 9, 4, 1. మైనస్ గుర్తు ఆర్థోగోనల్ మాత్రికలోకి వెళ్లిపోతుంది. ఫలితంగా వచ్చే మాత్రిక మూడో అక్షాన్ని మాత్రమే తిరగేస్తుంది. తేడా సున్నా, అన్నీ అచ్చుగుద్దినట్టు సరిపోతాయి. నిర్ధారకం −1.

ఈ సున్నాను చూసి రెండూ ఒకే అణువు అని రాసుకుంటే అది తప్పు. అందుకే పద్ధతిలో చివరి మెట్టు ఒకటి ఉంది: నిర్ధారకం −1 అయితే, మూడు సంఖ్యల్లో అతి చిన్నదానికి చెందిన దిశను కూడా తిరగేయాలి. ఇక్కడ అతి చిన్నది 1, దాని దిశ మొదటి అక్షం. అప్పుడు వచ్చేది రెండో అక్షం చుట్టూ 180 డిగ్రీల నిజమైన భ్రమణం, నిర్ధారకం +1. మూడో పరమాణువు దాని చోట కూర్చుంటుంది, రెండోది కదలదు, మొదటిది మాత్రం వ్యతిరేక దిక్కుకు పోయి 2 ప్రమాణాల దూరంలో నిలుస్తుంది. దూరాల వర్గాల మొత్తం 4. అదే మొదటి అక్షం చుట్టూ 180 డిగ్రీలు తిప్పి ఉంటే మొత్తం 16, అసలు తిప్పకపోతే 36. చిన్న సంఖ్య ఉన్న దిశను తిరగేయమన్నది అందుకే: నష్టం అక్కడే అతి తక్కువ.

ఇదే చిక్కు కంప్యూటర్ విజన్‌లోనూ వచ్చింది. కొలతల్లో దోషం బాగా ఎక్కువైనప్పుడు, నిజంగా జరిగింది భ్రమణమే అయినా గణన అద్దాన్ని ఇచ్చేది. 1991లో షింజీ ఉమెయామా ఆ దిద్దుబాటును రుజువుతో సహా ప్రకటించారు. నిర్ధారకం పరీక్ష మరిచిపోయిన ప్రోగ్రామును పట్టుకోవడం ప్రోటీన్లలో కొంత తేలిక. తిప్పిన తరువాత తెరపై ఆల్ఫా హెలిక్స్‌లన్నీ ఎడమవైపు మర పోసుకుని కనిపిస్తే అద్దం చొరబడినట్టే. సగటు తేడాను చూపే సంఖ్య మాత్రం ఏ హెచ్చరికా చేయదు, ఎందుకంటే అది దూరాలతోనే తయారైంది. ఎన్ఎమ్ఆర్ ప్రయోగాల్లో పరమాణువుల మధ్య దూరాల నుంచి ప్రోటీన్ ఆకారాన్ని కట్టేవారికీ ఇదే అడ్డంకి. దూరాలు మాత్రమే ఉంటే అసలు, ప్రతిబింబం రెండూ సమానంగా సరిపోతాయి. అమైనో ఆమ్లాల చేతివాటాన్ని విడిగా చెప్పాకే ఒకటి మిగులుతుంది.

దిద్దుబాటుకు ఖర్చే లేని సందర్భం కూడా ఉంది. బెంజీన్ లాగా పరమాణువులన్నీ ఒకే తలంలో ఉంటే H విడదీసినప్పుడు అతి చిన్న సంఖ్య సున్నా అవుతుంది. ఆ తలానికి లంబంగా ఉన్న దిశను తిరగేసినా పరమాణువులేవీ కదలవు. నిర్ధారకం −1 నుంచి +1 కు మారుతుంది, తేడా పెరగదు. చదునైన అణువుకు కుడిఎడమలు లేవు. దాని ప్రతిబింబాన్ని మామూలు భ్రమణంతోనే చేరుకోవచ్చు.