రొమ్ము క్యాన్సర్ తర్వాత అయిదేళ్ల మాత్ర

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన 45 ఏళ్ల మహిళను ఊహించుకుందాం. నెలసరి ఇంకా ఆగలేదు. గడ్డ ఈస్ట్రోజెన్‌తో పెరిగే రకం కాబట్టి డాక్టర్ రోజూ 20 మిల్లీగ్రాముల టామోక్సిఫెన్ రాశారు. కొన్ని వారాలకే రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు, జాకెట్ తడిసేంత చెమట, నిద్ర కరువు. చాలామంది ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేసేది ఇక్కడే.

అదే పెద్ద నష్టం. అయిదేళ్లు వాడితే ఈ రకం క్యాన్సర్‌తో మరణించే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుందని పెద్ద అధ్యయనాలు తేల్చాయి. మాత్ర ఆపాక కూడా ఆ రక్షణ ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఆవిర్లకు మందులున్నాయి. వెన్లాఫాక్సిన్ చాలామందికి పనిచేస్తుంది. పారాక్సెటిన్ మాత్రం వద్దు. టామోక్సిఫెన్‌ను అసలు మందుగా మార్చే కాలేయ ఎంజైమును అది అడ్డుకుంటుంది. అందుకే వాడే ప్రతి మాత్రా క్యాన్సర్ డాక్టర్‌కు చూపించాలి.

రక్తం గడ్డకట్టడం అరుదే, కానీ ప్రమాదకరం. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడితే, హఠాత్తుగా ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆపరేషన్ ఏదైనా ఉంటే ఈ మాత్ర సంగతి ముందే చెప్పాలి.

నెలసరి పూర్తిగా ఆగినవారికి తరచూ లెట్రోజోల్ లాంటివి ఇస్తారు. వాటితో గడ్డకట్టే ముప్పు తక్కువే, కానీ ఎముకలు పలచబడతాయి, కీళ్లు పట్టేస్తాయి. మొదలుపెట్టేటప్పుడే డెక్సా స్కాన్ తీయించి, కాల్షియం, విటమిన్ డి చూసుకోవాలి. ఎముక మరీ బలహీనమైతే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్ ఇస్తారు. కీళ్ల నొప్పులు భరించలేకపోతే అదే తరగతిలో మరో మందుకో, టామోక్సిఫెన్‌కో మార్చమని డాక్టర్‌ను అడగవచ్చు.