లైటు వెలగని కేబుల్

కూకట్‌పల్లిలో ఓ మూడంతస్తుల ఇల్లు. రౌటర్ కింద హాల్లో ఉంది. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ గది పై అంతస్తులో ఉంది. అక్కడికి వైఫై సరిగ్గా అందక వీడియో మీటింగ్ మధ్యలో మాట తెగిపోతుండటంతో, మెట్ల పక్క గోడ వెంబడి 35 మీటర్ల క్యాట్ 6 కేబుల్ లాగించారు. కేబుల్ లాగిన కుర్రాడు రెండు కొసలకూ ప్లగ్గులు కొట్టాడు. చేతిలోని టెస్టర్ పెట్టి ఒకటి నుంచి ఎనిమిది దాకా పచ్చలైట్లు వరసగా వెలగడం చూపించి, డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. తీరా లాప్‌టాప్‌కి పెడితే పోర్టు పక్కన లైటు వెలగలేదు. కింద రౌటర్ పోర్టు దగ్గరా అంతే. తెర మీద మాత్రం ‘Network cable unplugged’ అని వచ్చింది. కేబుల్ పెట్టే ఉంది మరి!

ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేయడం. అది దండగ. ఆ చిన్న లైటుకీ ఇంటర్నెట్‌కీ సంబంధం లేదు. వీధిలో ఫైబర్ తెగిపోయినా, నెల బిల్లు కట్టకపోయినా, రౌటర్‌కి కరెంటు ఉంటే చాలు, దానికి తగిలించిన కంప్యూటర్ దగ్గర లైటు వెలుగుతూనే ఉంటుంది. కేబుల్ రెండు కొసల్లో ఉన్న చిప్‌లు ఒకదానికొకటి చిన్న చిన్న విద్యుత్ స్పందనలు పంపుకుంటాయి. ఫోన్ ఎత్తగానే ‘వినపడుతోందా?’ అని ఇటూ అటూ అడుక్కున్నట్టు, ఎంత వేగంతో మాట్లాడుకోవాలో కూడా ఆ పలకరింపుల్లోనే తేల్చుకుంటాయి. ఇద్దరికీ కుదిరాకే లైటు వెలుగుతుంది. కాబట్టి లైటు లేదంటే పాస్‌వర్డ్‌లు, ఐపీ అడ్రసులు, సర్వర్ల జోలికి వెళ్లక్కర్లేదు. తప్పు మూడింటిలో ఒకదానిదే: కేబుల్, రౌటర్ పోర్టు, కంప్యూటర్ అడాప్టర్. వెతుకులాట ఇంత చిన్నదైపోవడం నిజానికి అదృష్టమే. లైటు వెలుగుతూ నెట్ రాకపోవడం ఇంతకన్నా పెద్ద తలనొప్పి.

ఒక్క జాగ్రత్త. కొన్ని యూఎస్‌బీ అడాప్టర్లకు అసలు లైట్లే ఉండవు. రాత్రిపూట కళ్లలో పడకుండా లైట్లన్నీ ఆర్పేసే సెట్టింగు కొన్ని రౌటర్లలో ఉంటుంది. అందుకని లైటు మాటనే నమ్మకుండా కంప్యూటర్‌నీ ఓసారి అడగాలి. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ఈ ఒక్క ముక్క టైప్ చేస్తే చాలు.

```
Get-NetAdapter
```

అడాప్టర్ పేరు పక్కన Status అనే గడిలో మూడు మాటల్లో ఒకటి సాధారణంగా కనిపిస్తుంది. Up అని ఉంటే లింకు ఉంది, దీపమే లేదు. Disconnected అని ఉంటే అడాప్టర్ మేలుకునే ఉంది, అవతలి నుంచి పలుకు రావడం లేదు. Disabled అని ఉంటే దాన్ని ఎవరో ఎప్పుడో ఆపేశారు. నెట్‌వర్క్ సెట్టింగుల్లో దాని పేరు మీద కుడి క్లిక్ చేసి Enable నొక్కితే కథ అక్కడే ముగుస్తుంది. అసలు జాబితాలో ఈథర్నెట్ పేరే లేకపోతే డ్రైవర్ పోయిందో, చిప్పే పోయిందో అనుకోవాలి. ఇంజినీర్ లాప్‌టాప్‌లో కనిపించింది Disconnected.

తర్వాత ఆయన చేసిన పని చాలామందికి తట్టదు. 35 మీటర్ల కేబుల్‌ని అలాగే వదిలేసి, లాప్‌టాప్‌నే చంకన పెట్టుకుని రౌటర్ దగ్గరికి దిగివచ్చాడు. ఫైబర్ పెట్టె నుంచి రౌటర్‌కి వెళ్లే మూరెడు కేబుల్ ఉంటుంది కదా, దాన్ని రెండు నిమిషాలు అరువు తీసుకున్నాడు. అప్పటిదాకా నెట్ వస్తోందంటే ఆ కేబుల్ బాగున్నట్టే, వేరే రుజువు అక్కర్లేదు. ఆ కాసేపు ఇంట్లోవాళ్లకి నెట్ ఆగుతుంది, ముందే చెప్పాలి. పొడుగు కేబుల్ ఏ పోర్టులో ఉండిందో సరిగ్గా ఆ పోర్టులోనే ఈ పొట్టి కేబుల్ ఒక కొస పెట్టి, రెండో కొస లాప్‌టాప్‌లో పెట్టగానే లైటు వెలిగింది. ఒక్క దెబ్బతో రౌటర్ పోర్టూ, అడాప్టరూ రెండూ నిర్దోషులని తేలిపోయింది. మిగిలింది గోడ వెంబడి పోయిన కేబుల్ ఒక్కటే.

పొట్టి కేబుల్‌తోనూ లైటు రాకపోతే? అప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. పోర్టూ, కేబులూ, కంప్యూటరూ అన్నీ ఒకేసారి మార్చేస్తే లైటు వచ్చినా ఎందుకొచ్చిందో తెలియదు. అదే కేబుల్‌ని రౌటర్‌లో పక్క పోర్టుకి మారిస్తే వెలిగిందంటే మొదటి పోర్టు పోయినట్టు. టార్చి వేసి ఆ పోర్టులోకి చూస్తే సన్నటి బంగారు రంగు తీగలు ఎనిమిది, ఒకే వాలుగా వరసగా కనిపించాలి. ఒకటి వంగి లోపలికి పోయినా, రెండు కలిసిపోయినా అక్కడే జబ్బు. మిగతా పోర్టులు పనిచేస్తుంటే దాని మీద చిన్న టేపు ముక్క అంటించి వదిలేయడమే తేలిక. ఏ పోర్టులోనూ రాకపోతే ఇంకో లాప్‌టాప్ పెట్టి చూడాలి. రెండోదానికి వెలిగితే మొదటి లాప్‌టాప్ అడాప్టర్‌దే తప్పు.

మన దగ్గర అడాప్టర్లూ పోర్టులూ ఎక్కువగా చచ్చేది ఉరుముల కాలంలో. ఈ డాబా మీంచి ఆ డాబా మీదికి లాగిన లాన్ కేబుల్ పిడుగుపాటు దగ్గర్లో పడితే చాలు, నేరుగా తగలకపోయినా వోల్టేజీని మోసుకొస్తుంది. విచిత్రమేమిటంటే అలా దెబ్బతిన్న అడాప్టర్ కంప్యూటర్ జాబితాలో చక్కగా కనిపిస్తుంది. డ్రైవర్ బాగానే ఉందంటుంది. కంప్యూటర్‌తో మాట్లాడే భాగం బతికే ఉండి, కేబుల్ వైపు భాగం మాడిపోవడమే కారణం. అది ఏ కేబుల్ పెట్టినా Disconnected అనే అంటుంది. డ్రైవర్లు ఎన్నిసార్లు వేసినా లాభం లేదు. యూఎస్‌బీకి పెట్టుకునే లాన్ అడాప్టర్ ఒకటి కొనుక్కోవాలి. అయితే ఆ ఖర్చుకి ముందు ఒక పని చేయవచ్చు. కంప్యూటర్ ఆపేసి, ఛార్జర్ లేదా కరెంటు వైరు తీసేసి, పవర్ బటన్‌ని అర నిమిషం నొక్కి పట్టుకోవాలి. చిప్ కొన్నిసార్లు షట్‌డౌన్ తర్వాత కూడా పూర్తిగా నిద్రపోకుండా చిక్కుకుపోతుంది. మిగిలిన కరెంటు పోగానే మళ్లీ మామూలవుతుంది.

ఇక కూకట్‌పల్లి కేబుల్ సంగతి. తప్పు దానిదేనని తేలింది, కానీ టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలిగాయి కదా?

ఆ టెస్టర్ చూసేదేమిటో తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. అందులో రెండు ముక్కలుంటాయి, కేబుల్ కొసకి ఒకటి. పెద్ద ముక్క ఒకటో తీగలోకి బ్యాటరీ కరెంటు పంపుతుంది, అవతల ఒకటో లైటు వెలుగుతుంది. తర్వాత రెండు, మూడు, అలా ఎనిమిది దాకా. ఒక అంకె వెలగకపోతే ఆ తీగ తెగింది లేదా ప్లగ్గులో అందలేదు. ఇటు 1 వెలిగినప్పుడు అటు 2 వెలిగితే తీగలు తారుమారయ్యాయి. ‘జి’ అనే తొమ్మిదో లైటు వెలగలేదని కంగారుపడక్కర్లేదు, అది పైన లోహపు తొడుగున్న కేబుళ్లకే. ఇంకో మాట, టెస్టర్‌ని ఎప్పుడూ రౌటర్‌కో స్విచ్‌కో తగిలించకూడదు. రెండు కొసలూ ఊడదీసి ఉండాలి. సీసీ కెమెరాలకు కేబుల్ ద్వారానే కరెంటు పంపే పోర్టులయితే టెస్టర్ కాలిపోవచ్చు.

కరెంటు అటు చేరిందా లేదా అన్నదే ఈ పరికరం చెబుతుంది. సెకనుకు కోట్లసార్లు మారే సంకేతం అదే తీగలో చెదరకుండా వెళ్తుందా లేదా అన్నది దానికి తెలియదు. ఆ పరీక్ష చేసే సర్టిఫైయర్లు లక్షల రూపాయలు చేస్తాయి, ఇళ్లకు వచ్చే కుర్రాళ్ల దగ్గర ఉండవు.

ఇంజినీర్ ప్లగ్గుని వెలుతురుకి పట్టుకుని చూశాడు. ప్లగ్గు ఆర్‌జె45, పారదర్శకమైన ప్లాస్టిక్, లోపలి రంగులు కనిపిస్తాయి. నాలుక కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-పచ్చ, పచ్చ, తెల్ల-నీలం, నీలం, తెల్ల-గోధుమ, గోధుమ. చూడ్డానికి ముచ్చటగా జతలు జతలుగా ఉంది. రెండో కొసా అచ్చం అలాగే ఉంది. ‘రెండు వైపులా ఒకేలా ఉంటే చాలు’ అన్నది ఈ పనివాళ్లలో పాతుకుపోయిన నమ్మకం. టెస్టర్ కూడా దానికే వంత పాడుతుంది. అసలు పద్ధతి టి568బి అనే వరస: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-పచ్చ, నీలం, తెల్ల-నీలం, పచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. పచ్చ జత నీలం జతకి అటూ ఇటూ విడిపోయి 3, 6 స్థానాల్లో కూర్చుంటుంది. చిప్‌లు 3, 6 తీగల్ని ఒక జతగానే వాడతాయి. అవి ఒకదానితో ఒకటి మెలివేసుకుని ఉంటేనే బయటి గోల రెండింటిమీదా సమానంగా పడి రద్దయిపోతుంది. కుర్రాడు కొట్టిన వరసలో 3లో పచ్చ జత తీగ, 6లో నీలం జత తీగ పడ్డాయి. మెలి వేరొకరితో, కాపురం ఇంకొకరితో. పక్క జతల సంకేతం ఇందులోకి కారిపోతుంది. మీటరు పొడవులో అయితే ఎలాగో నెట్టుకొస్తుంది. 35 మీటర్లలో గిగాబిట్ వేగానికి కుదరక, చిప్‌లు పలకరించుకోవడం, విఫలమవడం, మళ్లీ మొదలుపెట్టడం, ఇదే తంతు. లైటు వెలిగేదెప్పుడు?

దీన్ని ప్లగ్గు కోయకముందే పట్టుకునే చిట్కా ఒకటుంది. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, Advanced లో Speed & Duplex ని 10 Mbps కి దించి చూడాలి. తెగిన తీగ అయితే 1, 2, 3, 6లో ఏదైనా పోయినప్పుడు 10 దగ్గర కూడా లైటు రాదు. ఇక్కడ 10కి దించగానే లైటు వెలిగింది. తీగలన్నీ ఉన్నాయి, జతలే చెడ్డాయి అని అర్థం. పరీక్ష అయ్యాక ఆ సెట్టింగుని మళ్లీ Auto Negotiation కి తెచ్చి తీరాలి. మర్చిపోతే కేబుల్ బాగుపడ్డాక కూడా నెట్ నత్తనడకే.

రెండు ప్లగ్గులూ కోసి కొత్తవి కొట్టారు. పైతొడుగు ఒక అంగుళం మేర ఒలిచి, మెలికల్ని మాత్రం 13 మిల్లీమీటర్లకు మించి విప్పకుండా, టి568బి వరసలో సర్ది, కొసలు సమానంగా కత్తిరించి ప్లగ్గులోకి తోశారు. ఎదురుగా చూస్తే ఎనిమిది రాగి చుక్కలూ ప్లగ్గు ముందుగోడకి తాకినట్టు కనపడాలి, బయటి తొడుగు కూడా ప్లగ్గు లోపలి నొక్కు కింద ఇరుక్కోవాలి. అప్పుడే క్రింపింగ్ టూల్ నొక్కాలి. ఈసారి రెండు కొసల్లోనూ లైటు వెలిగింది.

అయినా ఇంజినీర్ Get-NetAdapter ఇంకోసారి కొట్టి LinkSpeed గడి చూశాడు. అక్కడ 1 Gbps ఉంది. 100 Mbps అని ఉండి ఉంటే లైటు వెలిగినా పని పూర్తికానట్టే. ఆ వేగానికి 1, 2, 3, 6 తీగలు సరిపోతాయి కాబట్టి, మిగిలిన 4, 5, 7, 8లో ఒకటి ప్లగ్గులో అందలేదని అనుమానించి టెస్టర్ మళ్లీ తీయాల్సి వచ్చేది.