రిపోర్టు మోసే మనిషిని మీటింగుకి పిలవలేదు

జిల్లా కేంద్రంలో ఒక ప్రైవేటు ఆస్పత్రి. రక్తపరీక్షల రిపోర్టులు కాగితం మీద కాకుండా నేరుగా డాక్టరుగారి కంప్యూటరుకీ, పేషెంటు ఫోనుకీ వెళ్లేలా చేసే పని మాకు వచ్చింది. మొదటి మీటింగులో ఆరుగురం కూర్చున్నాం. ఆస్పత్రి పెద్ద డాక్టరుగారు, మేనేజరు, ల్యాబ్ ఇన్‌చార్జి, లెక్కలు చూసే ఆయన, మా కంపెనీ నుంచి ఇద్దరం. "స్టేక్‌హోల్డర్లు అందరూ వచ్చేశారు, మొదలుపెడదాం" అన్నారు మేనేజరు. ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు.

ఆఫీసుల్లో ఈ మాట రోజూ వినబడుతుంది. "స్టేక్‌హోల్డర్లు ఒప్పుకోవాలి", "స్టేక్‌హోల్డర్లు అడుగుతున్నారు" అంటుంటారు. చాలాసార్లు దాని అర్థం పైవాళ్లు అనే. తెలుగులోకి తెచ్చేటప్పుడు కొందరు వాటాదారు అని రాస్తారు. అది మరీ చిక్కు. వాటాదారు అంటే కంపెనీలో షేర్లు కొన్నవాడు. స్టేక్‌హోల్డరుకు ఒక్క షేరూ ఉండనక్కర్లేదు. పత్రికలు వాడే "భాగస్వామ్య పక్షాలు" కొంత నయమే కానీ, అది విన్నా ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లే గుర్తొస్తారు.

ఇంగ్లీషులో మొదట ఈ మాట పందేనికి సంబంధించింది. ఇద్దరు పందెం కాసినప్పుడు ఇద్దరి సొమ్మూ తన దగ్గర పెట్టుకునే మధ్యమనిషిని స్టేక్‌హోల్డరు అనేవారు. ఇప్పుడు అర్థం తిరగబడింది. సొమ్ము పట్టుకున్నవాడు కాదు, ఏదో ఒకటి పందెంలో పెట్టినవాడు. అది డబ్బే కానక్కర్లేదు, ఉద్యోగమో ఆరోగ్యమో రోజూ చేసుకునే పనో కావచ్చు. అమెరికాలో ఎడ్వర్డ్ ఫ్రీమన్ అనే ప్రొఫెసరు 1984లో రాసిన పుస్తకంతో ఈ అర్థం వ్యాపార ప్రపంచంలో స్థిరపడింది. సంస్థ తలపెట్టిన పని నెరవేరడాన్ని ప్రభావితం చేయగలవాళ్లూ, దానివల్ల ప్రభావితమయ్యేవాళ్లూ ఇద్దరూ స్టేక్‌హోల్డర్లే అన్నాడాయన. మీటింగుల్లో మనం మొదటి సగమే పట్టుకుంటాం. పనిని ఆపగలవాళ్లని గౌరవంగా పిలుస్తాం. ఆ పని ఎవరి మీద పడుతుందో వాళ్లని మరిచిపోతాం.

ఆస్పత్రిలో జరిగింది అదే. కొత్త పద్ధతి మొదలైన వారంలోనే ఒక పెద్దాయనకి పొటాషియం 6.8 వచ్చింది. 6.5 దాటిందంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది కాబట్టి వెంటనే చూడాలి. రిపోర్టు క్షణంలో డాక్టరుగారి స్క్రీన్ మీదకి చేరింది. కానీ వరసలో పదకొండోదిగా చేరింది. ఆయన దాన్ని తెరిచేసరికి నలభై నిమిషాలు గడిచాయి. అదృష్టం కొద్దీ పెద్దాయనకి ఏమీ కాలేదు.

కాగితాలున్న రోజుల్లో ఇలా ఎందుకు జరగలేదని వెతికితే అటెండరు దగ్గర తేలింది. ప్రమాదకరమైన అంకె కనిపిస్తే ల్యాబ్ టెక్నీషియన్ దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేవాడు. ఆ సున్నా కనిపిస్తే అటెండరు మిగతా కాగితాలు పక్కన పెట్టి, ఆ ఒక్కటీ పట్టుకుని డాక్టరుగారి గదిలోకి నేరుగా వెళ్లిపోయేవాడు. ఇది ఏ రూల్ పుస్తకంలోనూ లేదు. ల్యాబ్ ఇన్‌చార్జికి కూడా సగమే తెలుసు. మేం కాగితాన్ని తీసేశాం, దానితోపాటు ఆ ఎర్ర సున్నా, అటెండరు నడకా పోయాయి.

రెండో తప్పు ఫోను నంబరు దగ్గర జరిగింది. ఊళ్ల నుంచి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో కొడుకు నంబరో కూతురి నంబరో ఇస్తారు. తల్లి ఇక్కడ బెంచీ మీద కూర్చుని ఉంటే రిపోర్టు హైదరాబాదులో కొడుకు ఫోనులో మోగింది. అతను కంగారుపడి ఆస్పత్రికి ఫోన్ చేశాడు. ఆమెకు మాత్రం రిపోర్టు వచ్చిన సంగతే తెలియదు. ఈ కష్టం కౌంటర్‌లో కూర్చునే అమ్మాయికి ముందే తెలుసు. "ఎవరూ అడగలేదు సార్" అంది.

అందుకే ఇప్పుడు నేను పేర్ల జాబితాతో మొదలుపెట్టను. మారబోయే వస్తువు ఒక్కటి తీసుకుని, అది పుట్టిన చోటి నుంచి చెత్తబుట్ట దాకా దాని వెంట నడుస్తాను. ఇక్కడైతే అది ఒక రిపోర్టు కాగితం. కౌంటర్‌లో చీటీ రాసే చెయ్యి, రక్తం తీసే చెయ్యి, మిషన్ దగ్గర అంకె చూసే కన్ను, మోసుకెళ్లే అటెండరు, చదివే డాక్టరు, ఇంటికి పట్టుకెళ్లే పేషెంటు, వచ్చే నెల అదే కాగితం చూసి మందిచ్చే ఊళ్లోని డాక్టరు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి అడిగేది ఒకటే. ఇది ఆగిపోతే రేపు ఉదయం మీ పనిలో ఏం మారుతుంది? "ఏమీ మారదు" అనేవాళ్లని వదిలేయొచ్చు. కాసేపు ఆగి, "అయితే మరి..." అని మొదలుపెట్టినవాళ్ల పేరు రాసుకోవాలి.

అలా రాసుకుంటూ పోతే జాబితా ఎక్కడ ఆగాలన్నది నిజమైన ప్రశ్నే. ఆస్పత్రి గేటు దగ్గర టీ కొట్టు ఉంది. రిపోర్టు కోసం జనం రెండు గంటలు కూర్చోకపోతే అతని బేరం తగ్గుతుంది. ఫ్రీమన్ మాట ప్రకారం అతనూ లెక్కలోకి వస్తాడు. ఇక్కడ 1997లో మిచెల్, ఆగిల్, వుడ్ అనే ముగ్గురు పరిశోధకులు చెప్పిన కొలత పనికొస్తుంది. ఆ మనిషికి పనిని మార్చగల బలం ఉందా, అడగడానికి న్యాయమైన హక్కు ఉందా, ఆలస్యమైతే నష్టపోయే తొందర ఉందా అని మూడూ చూడమన్నారు. టీ కొట్టు ఆయనకు బలం లేదు, ఆస్పత్రి మీద అలాంటి హక్కూ లేదు. ముందుగా ఒక మాట చెబితే చాలు. అటెండరు సంగతి వేరు. అతని వెనక హక్కుంది, తొందరుంది, ఎందుకంటే అతను మోసేది పేషెంటు ప్రాణానికి సంబంధించిన కబురు. లేనిది బలం ఒక్కటే. ఇలాంటివాళ్ల మాట మరొకరు అందుకుని పైకి చేర్చాలి. నా అనుభవంలో ప్రాజెక్టులు దెబ్బతినేది ఎక్కువగా వీళ్ల దగ్గరే.

మన చట్టంలోనూ ఈ చూపు ఒక చోట స్పష్టంగా కనిపిస్తుంది. 2013 భూసేకరణ చట్టం "ప్రభావిత కుటుంబం" అంటే భూమి పోయినవాళ్లని మాత్రమే అనలేదు. సెంటు భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ ప్రధాన జీవనాధారం పోగొట్టుకునే కూలీలు, కౌలుదార్లు, చేతివృత్తులవాళ్ల కుటుంబాలను కూడా అందులో చేర్చింది. పట్టా పాసుపుస్తకం చూసి జాబితా రాస్తే వీళ్లలో ఒక్కరి పేరూ రాదు. పొలంలోకి దిగి ఎవరు పని చేస్తున్నారో చూస్తేనే వస్తుంది.

ఆస్పత్రిలో రెండో మీటింగుకి అటెండరునీ, కౌంటర్ అమ్మాయినీ పిలిచాం. అటెండరు మొదట కూర్చోనన్నాడు, పెద్ద డాక్టరుగారు కుర్చీ చూపించాక కూర్చున్నాడు. స్క్రీన్ మీద ప్రమాదకరమైన అంకెలు ఎర్రగా పైకి వచ్చేలా చేస్తామని మేం చెప్పాం. అతను విని, "డాక్టరుగారు రౌండ్స్‌లో ఉంటే స్క్రీన్ ఎవరు చూస్తారు సార్?" అన్నాడు. ఎర్ర రిపోర్టు వస్తే టెక్నీషియన్ ముందు డాక్టరుగారికి ఫోన్ చేయాలి, ఎత్తకపోతే అటెండరు ప్రింటు తీసుకుని వార్డుకి వెళ్లాలి అని ఆ రోజే రాసుకున్నాం. కౌంటర్‌లో రెండు నంబర్లు తీసుకోవడం, ఫోను లేదన్నవాళ్లకి కాగితమే ఇవ్వడం కూడా అందులో చేర్చాం.