రాని బాకీ రద్దుకు రెండో సంతకం

గుంటూరులో పురుగుమందుల హోల్‌సేల్ వ్యాపారం ఒకటి ఉందనుకుందాం. ఊళ్లలోని డీలర్లకు సరుకు అరువు మీద పోతుంది. మార్చి 31 నాటికి వాళ్ల నుంచి 20 లక్షలు రావాలి. అంతా వస్తుందని లెక్క రాసుకుంటే లేని లాభాన్ని చూపించినట్టే.

అందుకే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ బాకీలను వయసు ప్రకారం విడగొడుతుంది. గడువు దాటి 30 రోజుల్లోపువి 12 లక్షలు, 90 రోజుల్లోపువి 5 లక్షలు, 180 రోజుల్లోపువి 2 లక్షలు, అంతకంటే పాతవి లక్ష. పాతబడేకొద్దీ వసూలు కష్టం కాబట్టి వరసగా 1, 5, 20, 50 శాతం పక్కన పెట్టారు. ఈ శాతాలు సంస్థ తన పాత వసూళ్లు చూసి వేసుకున్నవి. మొత్తం 1,27,000 రూపాయలు తేలింది. నిరుటి నుంచి ఈ ఖాతాలో 90,000 ఉంది కాబట్టి ఇప్పుడు ఖర్చు రాయాల్సింది తేడా 37,000 మాత్రమే. మొత్తాన్నీ మళ్లీ ఖర్చు రాసేయడం తరచూ జరిగే పొరపాటు.

ఇంకో చిక్కుంది. డీలరు కట్టిన డబ్బును ఏ బిల్లుకూ సర్దకుండా వదిలేస్తే, తీరిపోయిన బిల్లు కూడా పాత బాకీగానే కనిపిస్తుంది. రిపోర్టులో ఒకే డీలరు పేరు మీద పాత బిల్లూ, సర్దని జమా పక్కపక్కనే ఉంటే ముందు ఆ రెంటినీ కలపాలి.

ఇలా పక్కన పెట్టినంత మాత్రాన బాకీ పోదు, డీలరు ఖాతాలోనే ఉంటుంది. ఒక డీలరు దుకాణం మూసేసి వెళ్లిపోయాడు, 60,000 రాదని తేలింది. అప్పుడు రద్దు చేస్తారు: పక్కన పెట్టిన సొమ్ములోంచి 60,000 తగ్గుతుంది, డీలరు ఖాతా సున్నా అవుతుంది. ఆ ఖర్చు ముందే రాసేశాం కాబట్టి ఈ ఏటి లాభం కదలదు. ఆదాయపు పన్నులో మినహాయింపు సాధారణ వ్యాపారులకు ఈ రద్దుకే గానీ ముందస్తు కేటాయింపుకు లేదు. కట్టేసిన జీఎస్టీ మాత్రం తిరిగి రాదు.

అసలు ప్రమాదం ఇక్కడే. ఖాతా సున్నా అయ్యాక ఆ డీలరును ఎవరూ అడగరు. వసూలుకు వెళ్లినవాడు డబ్బు జేబులో వేసుకుని, బాకీ రాదని రాయిస్తే దొంగతనం లెక్కల్లోనే మాయమైపోతుంది. అందుకే రద్దు ఎంట్రీ డ్రాఫ్టుగా ఆగాలి. రాసిన మనిషి, వసూలు చేసే మనిషి కాకుండా మూడో వ్యక్తి ఆమోదిస్తేనే పోస్టవ్వాలి. డీలరుకు పంపిన నోటీసులు, బాకీ ధ్రువీకరణ లేఖ దానికి జతచేయాలి. పెద్ద మొత్తాలకు యజమాని ఆమోదం కూడా ఉండాలి. యజమాని పాస్‌వర్డ్ అకౌంటెంటు దగ్గరే ఉంటే ఈ కట్టడి అంతా కాగితానికే పరిమితం.

రద్దు జాబితా మీ ముందుకొస్తే, ఆమోదం నొక్కేముందు అందులో ఒకరిద్దరు డీలర్లకు మీరే ఫోన్ చేసి అడగండి.